ట్రేస్ సరిపోయింది, డిటర్మినెంట్ సరిపోయింది, మరి ఐగెన్ వాల్యూస్ ఎలా తప్పాయి?

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ ఫస్టియర్. ఇంటర్నల్ పరీక్షలో ఈ మాట్రిక్స్‌కి ఐగెన్ వాల్యూస్, ఐగెన్ వెక్టర్స్ కనుక్కోమన్నారు.

```
 8  -6   2
-6   7  -4
 2  -4   3
```

నాకు 0, 7, 11 వచ్చాయి. సీనియర్ అక్క చెప్పినట్టే చెక్ చేసుకున్నాను. ట్రేస్ 18, నా విలువలు కూడితే 18. మూడో వరుస వెంట విస్తరిస్తే డిటర్మినెంట్ 0, నా విలువలు గుణిస్తే 0. రెండూ సరిపోయాయని ధైర్యంగా వెక్టర్స్ కూడా రాసేశాను. తీరా పేపర్ ఇస్తే పదికి రెండు మార్కులు. అసలు జవాబు 0, 3, 15 అట. రెండూ సరిపోయాక కూడా తప్పెలా అవుతుంది? సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఇక ఈ చెక్‌ని నమ్మాలా, వదిలేయాలా?

— ఒక విద్యార్థిని, కాకినాడ

సమాధానం: నమ్మాలమ్మా. కాకపోతే ఆ చెక్ ఏం చూస్తుందో, ఏం చూడదో తెలిసి నమ్మాలి. మీ అక్క చెప్పింది తప్పు కాదు. అది 2×2 మాట్రిక్స్‌కి పూర్తిగా సరిపోయే మాట, 3×3కి వచ్చేసరికి సగం మాట.

ముందు నీ లెక్క ఎక్కడ జారిందో చూద్దాం. నువ్వు స్టెప్స్ పంపలేదు గానీ, నీ జవాబులోనే దాని గుర్తు ఉంది. 3×3 మాట్రిక్స్‌కి క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ ఇలా ఉంటుంది:

```
λ³ − (ట్రేస్)λ² + (డయాగనల్ మైనర్ల మొత్తం)λ − |A| = 0
```

ఇక్కడ డయాగనల్ మైనర్లంటే డయాగనల్‌లోని రెండేసి అంకెలను పట్టుకుని చేసే మూడు చిన్న 2×2 డిటర్మినెంట్లు. నీ మాట్రిక్స్‌లో మొదటిది 8×7 − 36 = 20. రెండోది 8×3 − 4 = 20. మూడోది 7×3 − 16 = 5. మొత్తం 45. డిటర్మినెంట్ 0 కాబట్టి λ³ − 18λ² + 45λ = 0. ఒక λ బయటికి తీస్తే మిగిలేది λ² − 18λ + 45, అంటే (λ − 3)(λ − 15). అలా 0, 3, 15 వస్తాయి.

నీకు 7, 11 వచ్చాయంటే ఆ 45 ఉండాల్సిన చోట 77 పడిందన్నమాట. 77కీ 45కీ తేడా 32. ఈ 32ని ఊరికే వదిలేయకు. అది 16కి సరిగ్గా రెండింతలు. తేడా ఏదో ఒక లబ్ధానికి రెండింతలు వచ్చిందంటే ఎక్కువసార్లు అది గుర్తుల పొరపాటే, ఎందుకంటే తీసివేయాల్సినదాన్ని కూడితే తేడా రెండింతలవుతుంది. ఈ మాట్రిక్స్‌లో డయాగనల్‌కి అటూ ఇటూ ఉన్న లబ్ధాలు 36, 4, 16. రెండింతలు చేస్తే 32 వచ్చేది 16 ఒక్కటే. అంటే మూడో మైనర్‌లో (−4)(−4)ని నువ్వు −16 అనుకున్నావు. దాన్ని తీసేస్తే 21 + 16 = 37 అయింది. 20, 20, 37 కూడితే 77. దురదృష్టం ఏమిటంటే λ² − 18λ + 77 కూడా చక్కగా (λ − 7)(λ − 11) అని విడిపోయింది. రూట్స్ వంకరగా వచ్చి ఉంటే నీకే అనుమానం వచ్చి వెనక్కి వెళ్ళేదానివి.

డిటర్మినెంట్ చేసినప్పుడు ఇదే తప్పు ఎందుకు బయటపడలేదంటావా? నువ్వు మూడో వరుస వెంట విస్తరించావు. ఆ దారిలో ఈ 7, −4, −4, 3 గడి రాదు. మొదటి వరుస వెంట వెళ్ళి ఉంటే మొదటి మెట్టులోనే 8 × 5 రావాలి. అక్కడ 8 × 37 వేసి ఉంటే డిటర్మినెంట్ సున్నా అయ్యేది కాదు, రెండు లెక్కల్లో ఒకటి తప్పని తెలిసేది. సరైన డిటర్మినెంట్‌తోనే చెక్ చేశావు, కానీ తప్పు ఉన్నది ఆ చెక్ చూడని చోట.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఇంటర్ సెకండియర్‌లో థియరీ ఆఫ్ ఈక్వేషన్స్ చదివే ఉంటావు. a, b, c రూట్స్ అయితే క్యూబిక్ ఇలా ఉంటుంది:

```
λ³ − (a+b+c)λ² + (ab+bc+ca)λ − abc = 0
```

దీన్ని పైన రాసిన ఈక్వేషన్ పక్కన పెట్టి చూడు. రూట్స్ మొత్తం ట్రేస్‌కి సమానం, రూట్స్ లబ్ధం డిటర్మినెంట్‌కి సమానం. షార్ట్‌కట్ పుట్టింది ఇక్కడే. రెండేసి రూట్స్ లబ్ధాల మొత్తం డయాగనల్ మైనర్ల మొత్తానికి సమానం కావాలనేది కూడా ఇక్కడే ఉంది, దాన్నే అందరూ మరచిపోతారు. మూడు తెలియని విలువలకు మూడు షరతులు. నువ్వు రెండే చూశావు. మొత్తం 18, లబ్ధం 0 అయ్యే మూడు సంఖ్యలు ఎన్నయినా రాయొచ్చు: 0, 8, 10 రాయి, 0, 5, 13 రాయి, 0, −2, 20 రాయి. అన్నీ మీ అక్క పెట్టిన పరీక్ష పాసవుతాయి.

డిటర్మినెంట్ సున్నా అయిన చోట ఈ పరీక్ష ఇంకా బలహీనం. లబ్ధం సున్నా కావడానికి ఒక్క రూట్ సున్నా అయితే చాలు, మిగిలిన రెండూ ఎంతైనా ఉండొచ్చు. అందుకే సింగ్యులర్ మాట్రిక్స్‌లో లబ్ధం సరిపోయిందంటే సున్నా అనే రూట్ ఒకటి ఉందని మాత్రమే అర్థం. మిగతా రెండింటి గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

ట్రేసే ఎందుకు మొత్తమవుతుందని క్లాసులో తరచూ అడుగుతారు, అందుకని దాన్నీ చెబుతాను. |λI − A| విస్తరించేటప్పుడు ప్రతి పదమూ ఒక్కో వరుస నుంచి ఒక్కో అంకెను, ఏ రెండూ ఒకే నిలువు వరుసలో లేకుండా తీసుకుని గుణించినదే. λ ఉండేది డయాగనల్ గళ్ళలోనే. డయాగనల్‌లో ఒక గడిని వదిలి పక్క గడికి వెళ్ళావంటే ఆ నిలువు వరుసలో ఉన్న ఇంకో డయాగనల్ గడి కూడా చేజారుతుంది. అంటే వదిలితే కనీసం రెండు వదలాలి. అప్పుడు 3×3లో λ ఒక్కసారే మిగులుతుంది. కాబట్టి λ² వచ్చే దారి ఒక్కటే, (λ − 8)(λ − 7)(λ − 3) అనే డయాగనల్ లబ్ధం. అందులో λ² ముందు −(8 + 7 + 3) ఉంటుంది. డయాగనల్ అవతలి −6, 2, −4లకు అందులో పాత్రే లేదు. ఇది గమనించావా? ట్రేస్ చెక్ డయాగనల్ తప్ప ఇంకేమీ చూడదు. డయాగనల్ అవతల నువ్వు ఏ గుర్తు తప్పినా దానికి తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నువ్వు ఈక్వేషన్ రాసిందే ట్రేస్, డిటర్మినెంట్ పెట్టి. ఆ ఈక్వేషన్ నుంచి రూట్స్ తీసి మళ్ళీ అదే ట్రేస్‌తో, అదే డిటర్మినెంట్‌తో పోలిస్తే, రూట్స్ తీయడంలో తప్పు జరిగిందో లేదో తెలుస్తుందంతే. ఈక్వేషనే తప్పయితే తెలియదు. కొట్టుకి వెళ్ళి కొన్న సరుకు బరువును అదే తక్కెడలో మళ్ళీ తూచి చూసినట్టు. |A − λI|ని నేరుగా విస్తరించి క్యూబిక్ తెచ్చుకున్నవాళ్ళకు ఈ రెండు చెక్‌లు ఇంకాస్త పని చేస్తాయి, ఎందుకంటే వాళ్ళు ట్రేస్‌ని విడిగా కూడుతున్నారు. అయినా మధ్య పదం ఇద్దరికీ బయటే ఉండిపోతుంది.

2×2లో ఈ గొడవ లేదు. అక్కడ తెలియనివి రెండు, షరతులు రెండు. ఉదాహరణకు పై వరుస 4, 1, కింది వరుస 2, 3 అనుకో. ట్రేస్ 7, డిటర్మినెంట్ 10. కూడితే 7, గుణిస్తే 10 అయ్యే సంఖ్యలు 5, 2 తప్ప ఇంకేవీ లేవు. రెండూ సరిపోతే పని అయిపోయినట్టే. కానీ రెండూ చూడాలి, ఒకటి చాలదు. ఏటా పేపర్లలో నాకు కనిపించే తప్పు ఒకటుంది. డిటర్మినెంట్ అలవాటుతో రెండో వరుసలోంచి మొదటి వరుసలో సగం తీసేసి, కింద సున్నా తెచ్చి, డయాగనల్‌లో మిగిలిన 4, 2.5లే ఐగెన్ వాల్యూస్ అని రాస్తారు. గుణిస్తే 10, డిటర్మినెంట్ సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది, ఆ వరుస మార్పు డిటర్మినెంట్‌ని కదల్చదు కదా. ఐగెన్ వాల్యూస్‌ని మాత్రం కదిలించేస్తుంది. ఇక్కడ కాపాడేది ట్రేస్: 4 + 2.5 = 6.5, రావాల్సింది 7. ఐగెన్ వాల్యూస్ తీయకముందు మాట్రిక్స్ మీద రో ఆపరేషన్స్ చేసి డయాగనల్ చదివేయకూడదు, చదివితే ట్రేస్ పట్టిస్తుంది.

మరి 3×3కి మూడో చెక్ ఏది పెట్టుకోవాలి? డయాగనల్ మైనర్లు మళ్ళీ వేసి చూడమని నేను చెప్పను. ఒకసారి తప్పిన చెయ్యి రెండోసారీ అక్కడే తప్పుతుంది, (−4)(−4)ని మళ్ళీ −16 అనే చదువుతాం. అదే సమాచారాన్ని ఇంకో దారిలో తెచ్చుకోవాలి. దానికి మంచి దారి వర్గాల మొత్తం.

A ఐగెన్ వాల్యూస్ a, b, c అయితే A² ఐగెన్ వాల్యూస్ a², b², c². అంటే a² + b² + c² అన్నది A² ట్రేస్‌కి సమానం. A² మొత్తం వేయక్కర్లేదు, దాని డయాగనల్ చాలు. మీ మాట్రిక్స్ సిమెట్రిక్ కాబట్టి ఇంకా తేలిక: మాట్రిక్స్‌లో ఉన్న తొమ్మిది అంకెల వర్గాలూ కూడితే అదే A² ట్రేస్. వర్గాల్లో మైనస్‌లు ఉండవు, గుర్తు తప్పే అవకాశమే లేదు. ఈ చెక్ నాకు ఇష్టమైనది అందుకే.

వేసి చూద్దాం. డయాగనల్: 64 + 49 + 9 = 122. డయాగనల్‌కి ఒక పక్కన: 36 + 4 + 16 = 56, రెండు పక్కలా కలిపి 112. మొత్తం 234. ఇప్పుడు 0, 3, 15 వర్గాలు కూడు: 0 + 9 + 225 = 234. సరిపోయింది. నీ 0, 7, 11 వర్గాలు: 0 + 49 + 121 = 170. సరిపోలేదు. పట్టుమని అర నిమిషం పట్టదు, నీ తప్పు అక్కడే దొరికిపోయేది. తేడా 64 వచ్చింది చూశావా? వర్గాల మొత్తం అంటే మొత్తం వర్గంలోంచి మధ్య పదానికి రెండింతలు తీసేస్తే వచ్చేది. ఇక్కడ 18×18 = 324, అందులోంచి 90 తీస్తే 234. మధ్య పదంలో నీ తప్పు 32 కాబట్టి ఇక్కడ 64గా కనిపించింది. అంటే ఈ తేడాని సగం చేస్తే మధ్య పదం ఎంత తప్పిందో, ఎటు వెళ్ళి వెతకాలో కూడా తెలుస్తుంది.

మాట్రిక్స్ సిమెట్రిక్ కాకపోతే అన్ని వర్గాలూ కూడకూడదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. అప్పుడు డయాగనల్ అంకెల వర్గాలు కూడి, డయాగనల్‌కి అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న జతల లబ్ధాలను రెండింతలు చేసి కలపాలి. మీ సిలబస్‌లోనే తరచూ వచ్చే ఇంకో మాట్రిక్స్ తీసుకుందాం:

```
-2   2  -3
 2   1  -6
-1  -2   0
```

ట్రేస్ −1, డిటర్మినెంట్ 45. దీని ఐగెన్ వాల్యూస్ 5, −3, −3. డయాగనల్ వర్గాలు 4 + 1 + 0 = 5. జతల లబ్ధాలు: 2×2 = 4, (−3)(−1) = 3, (−6)(−2) = 12. మొత్తం 19, రెండింతలు 38. అన్నీ కలిపి 43. రూట్స్ వర్గాలు 25 + 9 + 9 = 43. సరిపోయింది. ఇందులో −3ని రెండుసార్లు లెక్కపెట్టాను, గమనించు. ఒక రూట్ రెండుసార్లు వస్తే మొత్తంలోనూ లబ్ధంలోనూ వర్గాల్లోనూ రెండుసార్లు వేయాలి. ఒక్కసారే వేసి, 5 − 3 = 2 వచ్చింది, ట్రేస్‌తో కలవలేదు, లెక్క తప్పేమో అని సరైన జవాబును కొట్టేసిన పిల్లల్ని నేను చూశాను.

నీ తప్పే ఈ మాట్రిక్స్‌లో జరిగితే ఏమవుతుందో చూడు. మూడో మైనర్ 0 − 12 = −12 కావాలి, గుర్తు తప్పితే +12. అప్పుడు మధ్య పదం −21 బదులు 3 అవుతుంది. λ³ + λ² + 3λ − 45 = 0 వస్తుంది. 3 వేసి చూస్తే 27 + 9 + 9 − 45 = 0, రూట్ దొరికింది! మిగిలిన λ² + 4λ + 15 నుంచి −2 ± i√11 వస్తాయి. కూడితే 3 − 4 = −1, గుణిస్తే 3 × 15 = 45. ట్రేసూ డిటర్మినెంటూ రెండూ మళ్ళీ నిక్షేపంగా సరిపోయాయి. అంటే డిటర్మినెంట్ సున్నా కానంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి లేదు. వర్గాల మొత్తం మాత్రం ఇక్కడ 9 − 14 = −5 వస్తుంది, కావాల్సింది 43. మీ పేపర్‌లోని మాట్రిక్స్‌లాంటి రియల్ సిమెట్రిక్ మాట్రిక్స్‌లో అయితే కాంప్లెక్స్ రూట్స్ కనిపించిన క్షణమే ఆగిపోవచ్చు, దానికి అవి ఎప్పుడూ రావు. ఇది సిమెట్రిక్ కాదు కాబట్టి ఆ సూచన కూడా దొరకదు.

ఇక నువ్వు ధైర్యంగా రాసేశానన్న వెక్టర్స్ దగ్గరికి వస్తాను. నిజానికి నీ తప్పు రెండోసారి బయటపడాల్సిన చోటు అదే. బయటపడలేదంటే నువ్వు క్రాస్ మల్టిప్లికేషన్ వాడి ఉంటావు. λ = 7 వేస్తే A − 7I ఇలా ఉంటుంది:

```
 1  -6   2
-6   0  -4
 2  -4  -4
```

మొదటి రెండు వరుసలతో క్రాస్ మల్టిప్లికేషన్ చేస్తే 24, −8, −36 వస్తాయి, 4తో భాగిస్తే 6, −2, −9. చూడడానికి ముచ్చటైన వెక్టరే. కానీ ఏ రెండు వరుసలు తీసుకున్నా, అవి ఒకదానికొకటి గుణిజాలు కానంతవరకు, ఈ పద్ధతి ఏదో ఒక వెక్టర్ ఇచ్చి తీరుతుంది. λ తప్పయినా ఇస్తుంది. λ సరైనదా కాదా అని చెప్పేది మూడో వరుసే, దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తున్నాం. అందులో వేసి చూడు: 2×6 − 4×(−2) − 4×(−9) = 12 + 8 + 36 = 56. సున్నా రావాలి, 56 వచ్చింది. అంటే ఈ మూడు వరుసలనూ తీర్చే వెక్టర్ 0, 0, 0 తప్ప ఇంకోటి లేదు. 7 అసలు ఐగెన్ వాల్యూనే కాదు. 11కి కూడా అంతే, క్రాస్ మల్టిప్లికేషన్ 4, −3, −3 ఇస్తుంది, మూడో వరుసలో వేస్తే 44 వస్తుంది.

సరైన విలువలతో అయితే ఇలా కలుస్తుంది. 15కి వెక్టర్ 2, −2, 1. మాట్రిక్స్‌తో గుణించు: మొదటి వరుస 16 + 12 + 2 = 30, రెండోది −12 − 14 − 4 = −30, మూడోది 4 + 8 + 3 = 15. అంటే 30, −30, 15, సరిగ్గా వెక్టర్‌కి 15 రెట్లు. ఇలా A నేరుగా వెక్టర్‌ని గుణించి చూసుకోవడం అన్ని చెక్‌లలోకీ గట్టిది. దీన్ని దాటి తప్పు జవాబు పోలేదు. వెక్టర్స్ అడిగిన ప్రశ్నలో ఇది తప్పకుండా చెయ్యి. 3కి వెక్టర్ 2, 1, −2, 0కి వెక్టర్ 1, 2, 2. వీటిని నువ్వే గుణించి చూసుకో.

మాట్రిక్స్ సిమెట్రిక్ అయినప్పుడు ఇంకో సదుపాయం ఉంది. వేర్వేరు ఐగెన్ వాల్యూస్‌కి వచ్చిన వెక్టర్స్ ఒకదానికొకటి లంబంగా ఉండాలి, అంటే డాట్ ప్రొడక్ట్ సున్నా కావాలి. 2, −2, 1తో 2, 1, −2: 4 − 2 − 2 = 0. నీ 6, −2, −9తో 4, −3, −3: 24 + 6 + 27 = 57. ఇదొక్కటి చూసినా పేపర్ ఇచ్చేముందు వెనక్కి వెళ్ళేదానివి.

సెమిస్టర్ పరీక్షలో ఇదే మాట్రిక్స్ క్వాడ్రాటిక్ ఫారం రూపంలో, 8x² + 7y² + 3z² − 12xy − 8yz + 4zx అని కూడా రావచ్చు. అక్కడ ఒక జాగ్రత్త. ఫారం స్వభావం, ర్యాంక్, సిగ్నేచర్ లాంటివి ఐగెన్ వాల్యూస్ గుర్తుల్నే చూస్తాయి. 0, 3, 15 అయినా 0, 7, 11 అయినా జవాబు పాజిటివ్ సెమీడెఫినిట్, ర్యాంక్ 2 అనే వస్తుంది. ఆ భాగం పుస్తకంలోని జవాబుతో కలిసిందని మొత్తం లెక్క సరైనదనుకోకు. కనానికల్ ఫారం మాత్రం తప్పుతుంది.

ఈ మూడు చెక్‌లూ, అంటే మొత్తం, లబ్ధం, వర్గాల మొత్తం, విడివిడిగా మాట్రిక్స్ నుంచే లెక్కగట్టి సరిపోయాయంటే 3×3లో ఐగెన్ వాల్యూస్ కచ్చితంగా అవే. ఎందుకంటే ఆ మూడూ కలిసి క్యూబిక్‌లోని మూడు పదాలనూ కట్టిపడేస్తాయి, ఇంకో జవాబుకి చోటు లేదు. 4×4కి ఇవి మళ్ళీ చాలవు, తెలియనివి నాలుగు కాబట్టి A³ ట్రేస్ కూడా కావాలి. కానీ అంతదాకా చేతితో వెళ్ళమని మిమ్మల్ని సాధారణంగా అడగరు. ఒక్క బిట్‌గా, నాలుగు ఆప్షన్లతో వచ్చే ప్రశ్నల్లో ముందు ట్రేస్ వేసి కలవనివాటిని కొట్టెయ్యి, తర్వాత డిటర్మినెంట్. ఇంకా రెండు మిగిలితేనే వర్గాలకు వెళ్ళు.

పరీక్షలో పని చేసే వరస కూడా కొంచెం మార్చుకో. లెక్క మొదలుపెట్టకముందే మార్జిన్‌లో మూడు అంకెలు రాసుకో. నీ మాట్రిక్స్‌కి అవి 18, 0, 234. ఈక్వేషన్ వేయకముందే రాయమంటున్నాను. తర్వాత రాస్తే, వచ్చిన జవాబుకి తగ్గట్టు లెక్క సర్దేసుకుంటాం, మనకే తెలియకుండా. డిటర్మినెంట్‌ని ఒక వరుస వెంట వేశాక, సమయం ఉంటే ఇంకో వరుస వెంట కూడా వెయ్యి. అవతలి గళ్ళు కూడా ఒకసారి చేతిలోంచి వెళ్తాయి.

ఇప్పుడు ఒకటి ఇస్తాను, క్యూబిక్ వేయకుండా చెప్పు.

```
 6  -2   2
-2   3  -1
 2  -1   3
```

ఒక అమ్మాయి దీనికి 2, 2, 8 వచ్చాయంది. పక్క బెంచీ అమ్మాయి 4, 4 + 2√2, 4 − 2√2 అంది. ట్రేస్ 12, డిటర్మినెంట్ 32. ఇద్దరివీ కూడి చూడు, గుణించి చూడు, రెండూ సరిపోతాయి. తర్వాత తొమ్మిది అంకెల వర్గాలు కూడి, ఎవరిది నిలుస్తుందో చూడు. నిలిచిన జవాబులో పెద్ద విలువకి వెక్టర్ కనుక్కుని, A తో గుణించి, మూడు వరుసలూ కలిశాయో లేదో రాసి పంపు.